చివరి వరుసకు కనబడే వేదిక తెర: ఏ గుడ్డ, ఏ కటౌట్, ఏ లైటు?

స్కూలు కార్యక్రమానికి వేదిక వెనక తెర తయారు చేసేటప్పుడు దాదాపు అందరం ఒకే తప్పు చేస్తాం. తెరకు రెండడుగుల దూరంలో కూర్చుని పని చేస్తాం, అక్కడి నుంచే చూసి బాగుందనుకుంటాం. చూడాల్సినవాళ్లు మాత్రం వంద అడుగుల అవతల కుర్చీల్లో ఉంటారు. ఒక ఏడాది నేనూ మా పిల్లలూ మూడు రోజులు కూర్చుని రెండు వందల కాగితం పూలు చేసి తెర నిండా అతికించాం. దగ్గర్నుంచి తోటలా ఉంది. కార్యక్రమం రోజు వెనక వరుసలోకి వెళ్లి చూస్తే, పెచ్చులూడిన గోడలా కనబడింది.

అప్పట్నుంచి గుడ్డ కొనకముందే మూడు సంగతులు కనుక్కుంటాను. కార్యక్రమం పగలా రాత్రా? చివరి వరుస ఎంత దూరంలో ఉంటుంది? పిల్లల మీద వేసే లైట్లు ఎక్కడ పెడుతున్నారు? ఏ తెర కట్టాలన్నది ఈ మూడు జవాబుల మీదే ఆధారపడుతుంది. మిగతాదంతా ఇష్టాయిష్టాలు.

మాట తేలిగ్గా సాగడానికి ఒక లెక్క పెట్టుకుందాం. వేదిక 20 అడుగుల వెడల్పు, తెర ఎత్తు 10 అడుగులు, చివరి కుర్చీ 100 అడుగుల దూరంలో. ఆరుబయట, సాయంత్రం ఐదింటికి మొదలై రాత్రి ఎనిమిదిన్నర దాకా. అంటే సగం వెలుతురులో, సగం చీకట్లో జరిగే కార్యక్రమం. తెర మీద ఉండాల్సినవి ఒక పెద్ద ఉదయించే సూర్యుడు, నాలుగు పక్షులు, "వార్షికోత్సవం" అనే మాట.

అయిదడుగుల పరీక్ష

ఒక కాగితం మీద తెరను 12 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తుతో గీయండి. అసలు తెరకు ఇది ఇరవయ్యో వంతు. దూరాన్నీ ఇరవయ్యో వంతు చేస్తే వంద అడుగులు అయిదడుగులవుతుంది. కాబట్టి ఈ కాగితాన్ని గోడకు అంటించి అయిదడుగుల దూరం నుంచి చూస్తే, చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు ఏం కనబడుతుందో సరిగ్గా అదే మీకూ కనబడుతుంది. నా రెండు వందల పూలను ఇలా గీసి చూసుంటే మూడు రోజులు మిగిలేవి. నాలుగంగుళాల పువ్వు ఈ కాగితం మీద బియ్యపు గింజంతే ఉంటుంది.

ఇదే కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులు తీసేశాక కూడా సూర్యుడు వెనక గుడ్డ నుంచి విడిగా కనబడితే ఆ జోడీ పనికొస్తుంది. ఎర్ర గుడ్డ మీద ఆకుపచ్చ ఆకులు దగ్గర్నుంచి ఎంతో ఇంపుగా ఉంటాయి, ఈ ఫొటోలో మాత్రం రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. దూరం నుంచి చూసే కంటికి ముందుగా పనికొచ్చేది రంగు తేడా కాదు, వెలుగు నీడల తేడా.

అక్షరాల కొలతకు సైన్‌బోర్డులు రాసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్కుంది: ప్రతి పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. అది ఇంగ్లిషు పెద్దక్షరాలకు చాలు. మన అక్షరాల్లో ప కీ వ కీ తేడా తలకట్టు దగ్గరి చిన్న సందే. పైన గుడులు, కింద వత్తులు ఎలాగూ ఉంటాయి. అందుకని నేను ఆ లెక్కను ఒకటిన్నర రెట్లు చేస్తాను. వంద అడుగులకు అసలు అక్షరం 15 అంగుళాలు, వత్తులూ గుడులూ కలుపుకుంటే మొత్తం రెండడుగులు. గీత మందం రెండున్నర అంగుళాలు. "వార్షికోత్సవం" లో ష వత్తు, స వత్తు అక్షరానికి ఆనుకుపోకుండా కనీసం ఒక గీత మందమంత ఖాళీ వదలాలి, లేకపోతే దూరానికి అవి మచ్చల్లా కనబడతాయి. ఈ లెక్కన ఆ మాట పది, పదకొండు అడుగుల పొడవొస్తుంది. ఇరవై అడుగుల తెర మీద హాయిగా సరిపోతుంది. దాని కింద స్కూలు పేరు, తేదీ, ముఖ్య అతిథి పేరు కూడా రాయాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. వాటికి తెర మీద చోటు లేదని చెప్పేయండి. ఆహ్వాన పత్రికలో ఎలాగూ ఉంటాయి.

ఇంకొక్క మాట. తెర కింది సగం మీది కాదు. పిల్లలు నాలుగైదు అడుగుల ఎత్తుంటారు, ముందు మైకు స్టాండూ బల్లా ఉంటాయి. చూపించాలనుకున్నదంతా నేల నుంచి అయిదడుగుల పైన ఉండాలి.

మూడు దారులు

మొదటిది, ముదురు గుడ్డ మీద లేతరంగు కటౌట్లు పెట్టి ముందు నుంచి వెలుతురు వేయడం. రెండోది, తెల్లటి లేదా లేతరంగు గుడ్డ కట్టి దాని మీద రంగుల ఫ్లడ్‌లైట్లు వేసి, నల్లటి కటౌట్లను నీడబొమ్మల్లా నిలబెట్టడం. మూడోది, నల్ల గుడ్డ మీదో పల్చటి నెట్టు వెనకో సీరియల్ లైట్లను తెరలా వేలాడదీయడం.

చూడగానే మనసు దోచేది మూడోదే. చీకటి గదిలో దాన్ని పరీక్షించినప్పుడు పిల్లలు కేకలు పెడతారు. మరుసటి రోజు వేదిక మీద డ్యాన్సు కోసం పెద్ద లైట్లు వెలగ్గానే ఆ చుక్కలన్నీ మాయమవుతాయి. సీరియల్ బల్బు తాను వెలుగుతుందే గాని పక్కనున్న దేన్నీ వెలిగించదు. వంద అడుగుల నుంచి చూస్తే బల్బుకు బల్బుకు మధ్య నాలుగంగుళాల ఎడం స్పష్టంగా తెలుస్తుంది, కాబట్టి అవి కలిసి ఒక ఆకారంగా కనబడవు, చెల్లాచెదురు చుక్కలుగానే మిగిలిపోతాయి. నాకు తెలిసి ఈ దారి పనికొచ్చే సందర్భం ఒక్కటే: లైట్లన్నీ ఆర్పి పాడే ఒకే ఒక్క పాట కోసం, అదీ మూసిన హాల్లో. మిగతా అన్నిచోట్లా సీరియల్ లైట్లను అంచు కట్టడానికి మాత్రం వాడండి.

రెండో దారి అందంలో అన్నిటికన్నా మిన్న. తెల్ల గుడ్డ మీద కింద నారింజ, పైన నీలం వెలుతురు పడితే నిజంగా తెల్లారుతున్నట్టే ఉంటుంది. ఒకే గుడ్డ పాట పాటకీ రంగు మారుతుంది. కాని దానికి చీకటి కావాలి. కిటికీలు మూసిన హాలయితే కళ్లు మూసుకుని దీన్ని ఎంచుకోవచ్చు. ఆరుబయట సాయంత్రం అయిదింటికి మాత్రం అక్కడ ఉండేది వట్టి తెల్ల దుప్పటి. ఎందుకో అంకెల్లో చూద్దాం. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. నేరుగా పడే ఎండ వెలుతురు సుమారు లక్ష లక్సులు, పగటి నీడపట్టున కూడా వేలల్లోనే ఉంటుంది. రెండు 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు మన తెర మీద వేస్తే మహా అయితే రెండు మూడు వందల లక్సులు. సూర్యుడితో పోటీ పడే లైటు చవగ్గా దొరకదు. పగటి కార్యక్రమమైతే లైట్ల డబ్బు మొత్తం గుడ్డకీ రంగుకీ పెట్టడమే మంచిది.

మొదటి దారి మామూలుగా కనబడుతుంది, పరీక్షించినప్పుడు ఎవరూ కేకలు పెట్టరు. కాని వెలుతురున్నా కనబడుతుంది, చీకటి పడ్డాక రెండు ఫ్లడ్‌లైట్లు వేసినా కనబడుతుంది, మధ్యలో కరెంటు పోయి ఎవరో బండి హెడ్‌లైటు వేసినా కనబడుతుంది. మన లెక్కలో కార్యక్రమం సగం పగలు, సగం రాత్రి కాబట్టి నేను ఎంచుకునేది ఇదే.

గుడ్డ

మొదటి దారికి నావీ బ్లూ రంగు, మెరుపులేని కాటన్ లేదా పాలియెస్టర్ కాటన్. నలుపు కూడా పనిచేస్తుంది గాని పగటి వెలుతురులో విచారంగా ఉంటుంది. మెరూన్ బాగుంటుంది, కాకపోతే ఎవరైనా నీలం లైటు వేస్తే నల్లబడిపోతుంది.

పండగ కళ కోసం చాలామంది శాటిన్ తెస్తారు. శాటిన్‌తో చిక్కేమిటంటే, అది వెలుతురును చెదరగొట్టకుండా అద్దంలా ఒకవైపుకు తిప్పి కొడుతుంది. ప్రతి ముడతా ఒక తెల్లటి గీతగా మెరుస్తుంది. ఫొటోల్లో పిల్లల తలల వెనక తెల్ల మరకలు పడతాయి. స్కూలు బీరువాలో ఇప్పటికే శాటిన్ ఉంటే పారేయక్కర్లేదు, తిరగేసి కట్టండి. వెనకవైపు మెరుపు చాలా తక్కువ. వెల్వెట్ అన్నిటికన్నా మంచిది, బరువు మోసే ఇనప గొట్టం ఉంటేనే.

కొలతకొస్తే, 44 అంగుళాల పన్నా గుడ్డను నిలువు ముక్కలుగా వాడితే 20 అడుగులకు ఆరు ముక్కలు. ఒక్కోటి పదకొండు అడుగులు తీసుకుంటే పైనా కిందా గొట్టం దూర్చే మడతకు సరిపోతుంది. మొత్తం 66 అడుగులు, అంటే దాదాపు 20 మీటర్లు. అడ్డంగా మూడు ముక్కలు కుడితే గుడ్డ కాస్త తగ్గుతుంది గాని, అడ్డం కుట్లు బరువుకు జారి తెర మధ్యలో నవ్వుతున్న నోరులా వంగుతాయి. నిలువు కుట్టు ఎంత వంకరగా ఉన్నా ఎవరికీ పట్టదు. కుచ్చిళ్లు మాత్రం వద్దు. వాటి మీద కటౌట్లు నిలవవు, పైగా గుడ్డ ఒకటిన్నర, రెండు రెట్లు కావాలి. కుచ్చిళ్ల సరదా పక్క తెరల మీద తీర్చుకోవచ్చు.

పైన తాడు కడితే ఎంత బిగించినా మధ్యలో వేలాడుతుంది. గొట్టమో వెదురుబొంగో దూర్చాలి. కింద కూడా ఒక గొట్టం దూరిస్తే గుడ్డ బిగుతుగా నిలుస్తుంది. మడతపెట్టిన గీతలు దూరానికి గళ్ల చీరలా కనబడతాయి కాబట్టి ముందు రోజు రాత్రే నీళ్లు చిలకరించి వేలాడదీయండి.

ఆరుబయట గాలి సంగతి చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు తెరంటే రెండు వందల చదరపు అడుగుల తెరచాప. గంటకు 36 కిలోమీటర్ల గాలి దాన్ని వంద కిలోలకు పైగా బలంతో నెడుతుంది. కాబట్టి తెరను పందిరి స్తంభాలకో గోడకో కట్టాలి గాని, విడిగా నిలబెట్టిన రెండు స్టాండ్లకు కాదు. కింది గొట్టాన్ని మాత్రం కాస్త వదులుగా కట్టండి. గాలి తట్టుకోలేనంత అయితే గుడ్డ దించేయడం తప్ప వేరే ఉపాయం లేదు.

కటౌట్లు: థర్మకోలా, అట్టా?

ఒక ఏడాది థర్మకోల్ అక్షరాలు ముత్యాల్లా కోసి, బంగారు రంగు స్ప్రే డబ్బా తెచ్చి కొట్టాను. నా కళ్ల ముందే అక్షరాలు మంచులా కరిగి గుంటలు పడ్డాయి. అప్పటికి సాయంత్రం ఏడు, మర్నాడే కార్యక్రమం. స్ప్రే పెయింటులో ఉండే ద్రావకాలు థర్మకోల్‌ను తినేస్తాయి. చెప్పులు అతికించే రబ్బరు జిగురుదీ అదే పని. థర్మకోల్‌కు నీళ్లలో కలిసే రంగు, తెల్ల జిగురు మాత్రమే వాడాలి. కొత్త డబ్బా ఏది తెచ్చినా ముందు ఒక తుంపు మీద వేసి పది నిమిషాలు ఆగండి.

అక్షరాలకు నాకు ఇప్పటికీ థర్మకోలే ఇష్టం. అంగుళం మందం షీటు కోయడం తేలిక, బరువుండదు, పైగా పుట్టుకతోనే తెలుపు, మెరుపు లేదు. నావీ బ్లూ మీద రంగే వేయనక్కర్లేదు. రెండు లోపాలున్నాయి. సన్నటి వత్తులు విరుగుతాయి, అందుకని అక్షరాన్నీ వత్తునీ వెనక నుంచి అట్టముక్కతో కలపాలి. అంతకన్నా ముఖ్యం, అది ఇట్టే అంటుకుంటుంది. వేడెక్కే బల్బు దేన్నీ దాని దగ్గర పెట్టకూడదు, వేదిక మీద నిప్పు వెలిగించే కార్యక్రమం ఉంటే థర్మకోల్ మానేసి అట్టకు మారండి.

సూర్యుడికీ పక్షులకూ అట్ట. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చిన పెద్ద పెట్టెలు దీనికి బంగారం. అట్ట లోపలి గాడులు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి ఆ గాడుల వెంబడే అది మడతపడుతుంది. రెండు పొరలు తీసుకుని, ఒకదాని గాడులు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా అతికిస్తే ఆరడుగుల సూర్యుడు కూడా వంగకుండా నిలుస్తాడు. ఒకవైపే రంగు వేస్తే తడి ఆరేకొద్దీ అట్ట విల్లులా వంకర తిరుగుతుంది. వెనకవైపు కూడా ఒక పూత వేయండి, ఏ మిగిలిపోయిన రంగైనా సరే. చార్టు పేపరు జోలికి వెళ్లకండి, రాత్రి మంచుకు చుట్టుకుపోతుంది.

వేలాడదీయడంలో ఒక మెలకువ: కటౌట్ బరువు గుడ్డ మీద పడకూడదు. పడితే చుట్టూ ముడతలొస్తాయి. పై గొట్టం నుంచి చేపలు పట్టే నైలాన్ దారంతో దించి, ఊగకుండా ఉండటానికి మాత్రం గుడ్డకు రెండు మూడు చోట్ల పిన్ను పెట్టాలి.

లైట్లు

తెర కోసం రెండు ఫ్లడ్‌లైట్లు, ఒక్కోటి 50 వాట్లు, తెల్లవి చాలు. ఎక్కడ పెడతారన్నదే అసలు పని. వేదిక ముందు కింద పెడితే పిల్లల నీడలు పెద్ద భూతాల్లా తెర మీద ఆడతాయి. నేను నేర్చుకున్న పద్ధతి ఇది: తెరకు మూడు నాలుగు అడుగుల ముందు, నేల మీద అడుగున్నర ఎత్తున్న పొదల కటౌట్ వరుసగా నిలబెట్టి, దాని వెనక ఫ్లడ్‌లైట్లను పైకి తిప్పి దాచడం. పిల్లలు పొదలకు ఇవతలే ఉంటారు కాబట్టి ఈ లైట్ల నుంచి తెర మీద నీడలు పడవు. వెలుతురు కింద ఎక్కువ, పైన తక్కువ పడటం సహజం. అందుకని లైటు ముఖాన్ని తెర పై భాగానికి, అక్షరాలున్న చోటికి గురిపెట్టండి. కింద చెదిరిన వెలుతురు ఎలాగూ పడుతుంది. ఎల్‌ఈడీ అయినా లైటు వెనక భాగం బాగా వేడెక్కుతుంది, గుడ్డకూ పొదలకూ అడుగైనా ఎడం ఉంచండి.

పిల్లల మీద వేసే లైట్లు వేరు. అవి రెండు పక్కలా ఎత్తున, ఏటవాలుగా ఉంటే నీడలు తెర మీద కాక నేల మీద, పక్కలకు పడతాయి.

సూర్యుడి వెనక వెలుగు వలయం కావాలని చాలామందికి ఉంటుంది. ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను కటౌట్ వెనక అంచుకు అంటించి, గుడ్డకు రెండు మూడంగుళాల ఎడం పెడితే ఆ వలయం వస్తుంది. కాని అది కనబడాలంటే వెనక గుడ్డ వెలుతురును తిరిగి పంపాలి. నల్లటి గుడ్డ మింగేస్తుంది, నావీ బ్లూ చాలావరకు మింగేస్తుంది. మన తెరకైతే నేనో చిన్న మోసం చేస్తాను: సూర్యుడి వెనక గుడ్డకు, సూర్యుడి కన్నా అడుగు పెద్దదిగా లేత నారింజ గుడ్డను అర్ధచంద్రాకారంలో కుడతాను. పగలు అది సూర్యుడి రెండో రంగు, చీకటి పడ్డాక వెలుగు వలయం. ఆరడుగుల వ్యాసమున్న అర్ధసూర్యుడి వంపు తొమ్మిదిన్నర అడుగులు, అంటే మూడు మీటర్ల లోపే. అయిదు మీటర్ల చుట్ట ఒక్కటి చాలు. మామూలు 12 వోల్టుల స్ట్రిప్‌ను మూడేసి ఎల్‌ఈడీలకోసారి ఉండే గుర్తు దగ్గరే కత్తిరించాలి. ఇంకోచోట కత్తిరిస్తే ఆ ముక్కలోని లైట్లు వెలగవు. అడాప్టర్ విషయంలో పిసినారితనం వద్దు. మీటరుకు 14 వాట్లు తాగే రకం స్ట్రిప్ మూడు మీటర్లంటే 42 వాట్లు, 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు. దానికి రెండు ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే ముందు వేడెక్కుతుంది, తర్వాత ముఖ్య అతిథి మాట్లాడుతుండగా ఆరిపోతుంది. అయిదు ఆంపియర్లది తీసుకోండి.

సీరియల్ లైట్లు తెర అంచు చుట్టూ ఒక వరుస. వాటి బటన్‌ను పరుగులు, మిణుకులు కాకుండా నిలకడగా వెలిగే దగ్గర ఆపి, ఆ బటన్ మీద టేపు వేసేయండి. టేపు లేకపోతే ఎవరో ఒక పిల్లాడు నొక్కుతాడు, ఇక రాత్రంతా నాటకం వెనక తెర మిణుకుమంటూనే ఉంటుంది. వైర్ల అతుకులు నేల మీద కాక పైకి కట్టండి, సరఫరా మాత్రం షాక్ తగలగానే ఆపేసే బ్రేకరున్న బోర్డు నుంచే తీసుకోండి.

ముందు రోజు చీకటి పడ్డాక ఒక అయిదో తరగతి పిల్లను వేదిక మధ్యలో నిలబెట్టి, లైట్లన్నీ వేసి, చివరి కుర్చీలో కూర్చుని ఫోనుతో ఒక ఫొటో తీయండి. మేం కిందటిసారి తీసిన దాంట్లో కుడివైపు కింది పక్షి ఆ అమ్మాయి జడ వెనక ఇరుక్కుపోయింది. నిచ్చెన తెచ్చి రెండడుగులు పైకి కట్టాం.